ఇరవై ఐదు అక్షరాల్లో ఒక పలకరింపు

పొద్దున్న ఎనిమిది కావస్తోంది. బస్టాపులో సిమెంటు బెంచీ మీద ఒకరు కూర్చుని ఉన్నారు, పక్కన క్యారేజీ. ఇంకొకరు వచ్చి గొడుగు మడిచి, రోడ్డు చివరిదాకా ఓసారి చూసి, కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, “బస్సు వెళ్ళిందాండీ?” అంటారు. “లేదండీ” అని జవాబు. అంతే. ఇద్దరికీ ఒకరి పేరొకరికి తెలియదు. నాలుగైదు నెలలుగా రోజూ ఇదే వేళకి ఇదే చోట ఎదురవుతున్నారు. ఇవాళే మొదటిసారి మాట కలిసింది.

దీని మీద ఒక చిన్న కవిత రాయాలి. చాలామందికి ఇది చెయ్యి తిరగడానికి రాసే తేలిక వస్తువులా కనిపిస్తుంది. కవితలు సరిదిద్దే అలవాటున్నవాళ్ళకు మాత్రం ఇది ఎంత గడ్డు వస్తువో తెలుసు. సంఘటన అంటూ ఏమీ లేదు. ఏడుపు లేదు, ఎడబాటు లేదు, కనీసం బస్సైనా రాలేదు. ఉన్నదల్లా ఒక ప్రశ్న, ఒక జవాబు. ఆ రెండింటి మధ్య జరిగినదాన్ని పాడుచేయకుండా కాగితం మీదికి తేవాలి.

ముందు ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో తేల్చుకోవాలి. కవితలో సులువుగా పడిపోయే మాట ‘అపరిచితులు’. అది నిజం కాదు. నాలుగు నెలలు రోజూ చూసిన మొహం కొత్త మొహమెలా అవుతుంది? ఆ రంగు గొడుగు ఎవరిదో తెలుసు. సోమవారం రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకోవడమూ ఉంది. తెలియనిది పేరొక్కటే.

ఈ సంబంధాన్ని శ్రద్ధగా పట్టించుకున్నవాడు న్యూయార్క్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్. 1972లో ఆయన వీళ్ళ గురించి ఒక వ్యాసం రాశాడు. మొహం తెలిసీ మాట కలవని ఇలాంటివాళ్ళకి ఆయన పెట్టిన పేరుకి ‘పరిచయమున్న పరాయివాళ్ళు’ అని అర్థం చెప్పుకోవచ్చు. ఆయన విద్యార్థులు పొద్దున్నే రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళను ఫొటోలు తీశారు. కొన్ని వారాల తర్వాత అదే వేళకి వెళ్ళి, ఆ ఫొటోలు అక్కడివాళ్ళకే పంచి, ఇందులో ఎవరెవరిని గుర్తుపడతారని అడిగారు. సగటున ఒక్కొక్కరూ నలుగురిని గుర్తుపట్టారు, కానీ ఎన్నడూ మాట కలపని మొహాలే అవి. మాట్లాడినవాళ్ళ లెక్క సగటున ఒకటిన్నరే.

కవిత రాసేవాళ్ళకు మిల్‌గ్రామ్ ఇచ్చిన అసలు సాయం ఈ లెక్క కాదు. టైమెంతైందని అడగాల్సిన చిన్న అవసరం పడితే మనిషి రోజూ చూసేవాళ్ళను వదిలి బొత్తిగా కొత్తవాళ్ళనే అడుగుతాడని ఆయన గమనించాడు. పైకి ఇది తిరకాసుగా ఉంటుంది గానీ ఎవరి అనుభవంలోనైనా వెతికితే దొరుకుతుంది. కొత్తవాళ్ళతో మాట అక్కడికక్కడే తెగిపోతుంది. రోజూ కనిపించే మనిషితో ఒకసారి మాట్లాడితే రేపు మళ్ళీ మాట్లాడాలి, లేకపోతే మొహం చాటేసినట్టుంటుంది. పైగా ఇన్నాళ్ళ మౌనం ఎప్పుడో ఇద్దరూ కూడబలుక్కున్న ఒప్పందంలా గట్టిపడి ఉంటుంది. మొదటి వారంలో సులువుగా వచ్చే మాటకి అయిదో నెలలో ధైర్యం కావాలి.

అదే వ్యాసంలో ఆయన బ్రూక్లిన్ వీధిలో కుప్పకూలిన ఒక స్త్రీ సంగతి చెబుతాడు. దగ్గరికి పరుగెత్తుకొచ్చిన ఇంకొకామె అంబులెన్సును పిలవడమే కాదు, ఆసుపత్రి దాకా వెంట వెళ్ళింది. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు, ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూస్తున్నారు, ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఇన్నేళ్ళు చూశాను కాబట్టే ఆమె బాధ్యత నాదనిపించిందని వెళ్ళినామె తర్వాత చెప్పింది. మన బస్టాపులో మౌనం కింద ఉన్నదీ అలాంటి లెక్కే. అందుకే పలకరింపు సున్నా నుంచి మొదలవదు. లోపల ఎప్పుడో పోగుపడ్డది ఆ రోజు పైకి వస్తుంది. కవిత ఈ సంగతి ఎరిగి ఉండాలి, నోటితో మాత్రం చెప్పకూడదు.

ఇక పలకరింపు మాట. తెలుగులో పొద్దుటి పలకరింపుకి విడిగా ఒక పదం లేదు. ‘శుభోదయం’ రేడియోలో వింటాం, ఫోన్‌లో పువ్వుల బొమ్మ మీద చూస్తాం. బస్టాపులో పక్కమనిషితో ఎవరూ అనరు. ‘నమస్తే’కి పెద్దా చిన్నా లెక్క వస్తుంది, ‘హలో’ ఫోన్ ఎత్తేమాట. మనవాళ్ళ అసలు పలకరింపు ప్రశ్న రూపంలో ఉంటుంది: టిఫినైందా, బయల్దేరారా, ఇంకా రాలేదా, ఏంటి ఎండ ఇలా ఉంది. వాకిట్లో ముగ్గేస్తున్న మనిషిని చూస్తూనే “ముగ్గేస్తున్నావా?” అంటాం. తెలియక అడిగేది కాదది.

సమాచారం కోసం కాకుండా మనిషిని కలుపుకోవడం కోసం ఆడే ఇలాంటి మాటల మీద మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే రాశాడు. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చినవాడు ఆయన. ఎక్కడికి వెళ్తున్నావు, ఎక్కడి నుంచి వస్తున్నావు, వాన పడేలా ఉంది అనే మాటల్లో విషయం కంటే చేతులు కలపడమే ఎక్కువని ఆయన వాదన. “బస్సు వెళ్ళిందాండీ?” సరిగ్గా ఆ జాతి మాట. అడిగినవాళ్ళకు జవాబు చాలావరకు తెలుసు. బస్సు వెళ్ళిపోయి ఉంటే ఆ మనిషి ఇంకా బెంచీ మీద ఎందుకుంటారు?

కవితకి ఇది పెద్ద లాభం. తెలుగు పలకరింపు అవసరం ముసుగు వేసుకుని వస్తుంది. అడిగినవాళ్ళకు చిన్నతనం లేదు, జవాబు రాకపోయినా పరువు పోదు. ఆ ముసుగు తీసేసి ‘శుభోదయం’ అని పెట్టగానే మనుషులు బస్టాపులోంచి మాయమై గ్రీటింగ్ కార్డులో తేలతారు.

ఏ రూపంలో రాయాలన్నదానికి తెలుగులో చక్కని జవాబుంది. డాక్టర్ ఎన్. గోపి 1990ల చివర్లో ‘నానీలు’ అనే చిన్న రూపాన్ని తెచ్చారు. నాలుగు పాదాలు. అన్నీ కలిపి 20 అక్షరాలకు తగ్గకూడదు, 25 దాటకూడదు. మొదటి రెండు పాదాలు ఒక సంగతి చెబితే తర్వాతి రెండూ దాన్ని మలుపు తిప్పుతాయి, లేదా పక్కన ఇంకొకటి పెడతాయి. అక్షరాల లెక్క మన ఛందస్సులో ఉన్నట్టే. ‘బస్సు’లో ‘స్సు’ ఒత్తుతో కలిపి ఒక్కటే, ‘ళ్ళిం’ సున్నాతో కలిపి ఒక్కటే, పొల్లు వస్తే ముందరి అక్షరంలో కలిసిపోతుంది. పేరులో ‘నా’, ‘నీ’ రెండూ ఉన్నాయి. ఇద్దరు మనుషుల మధ్య జరిగే సంగతికి ఇంతకంటే ఇరుకైన, ఇంతకంటే అనువైన ఇల్లు దొరకదు.

మొదటి ప్రయత్నంలో ఎవరి చేతిలోనైనా ఇలాంటిదే వస్తుంది:

రోజూ ఉదయం ఎనిమిదింటికి
ఒకే బస్టాపులో నిలబడతాం
ఒకరికొకరం తెలియదు
ఇవాళ ఆమె నవ్వి
శుభోదయం అంది
నా మనసంతా వెలుగు నిండింది
జీవితమనే బస్సు కోసం
ఎదురుచూసే మనకి
ఒక్క పలకరింపు చాలు

లెక్కపెడితే 82 అక్షరాలు. నానీ కావాలంటే కనీసం 57 పోవాలి. చివరి మూడు పాదాలు ముందు పోతాయి. జీవితాన్ని బస్సుతో పోల్చగానే సిమెంటు బెంచీ, గొడుగు, క్యారేజీ అన్నీ గాల్లో కలిసిపోతాయి. అక్కడ నిజంగా ఎదురుచూస్తున్నది ఆఫీసుకు తీసుకెళ్ళే బస్సు. దాన్ని దానిలా ఉండనివ్వాలి. మిగిలినవి 56. మనసంతా వెలుగు నిండిందన్న పాదం పాఠకుడు చేయాల్సిన పని తానే చేసేసింది, అది తీస్తే 45. ‘ఒకరికొకరం తెలియదు’ తీస్తే 35. ‘రోజూ ఉదయం ఎనిమిదింటికి’ తీస్తే 24.

ఒకే బస్టాపులో నిలబడతాం. ఇవాళ ఆమె నవ్వి శుభోదయం అంది. ఇప్పుడు లెక్క సరిపోయింది, కవిత మాత్రం రాలేదు. ఇది ఒక వార్త. మలుపు లేదు, చూడటానికి ఒక్క వస్తువూ లేదు. చిన్న కవితలు రాసేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కత్తిరించడం అయిపోయింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు.

ఈ ఘట్టంలో ఓపిక ఎంత కావాలో చెప్పే ఉదంతం ఒకటి సాహిత్య చరిత్రలో ఉంది. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ ప్యారిస్‌లో లా కాంకోర్డ్ మెట్రో స్టేషన్‌లో దిగి, జనంలో వరసగా కొన్ని అందమైన మొహాలు చూశాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అనుభవం మీద 30 పాదాల కవిత రాసి, నచ్చక చించేశాడు. ఆరు నెలల తర్వాత అందులో సగం నిడివిలో ఇంకొకటి రాశాడు. ఏడాది పోయాక రెండు పాదాలది వచ్చింది. 1913లో అచ్చైన ఆ కవితలో శీర్షిక కాక 14 మాటలే ఉన్నాయి, క్రియాపదం ఒక్కటీ లేదు. పౌండ్ 30 పాదాలను కోసి రెండు చేయలేదన్నది గమనించాలి. పాతదాన్ని పారేసి, ఆ మొహాలు కనబడగానే కళ్ళముందు మెదిలిన బొమ్మ ఏమిటో పట్టుకునేదాకా ఆగాడు. మెట్రో స్టేషన్ అన్న సంగతి కూడా కవితలో కాదు, శీర్షికలో ఉంది. స్థలం చెప్పే బరువంతా శీర్షిక మోసింది. నానీకి మామూలుగా శీర్షిక ఉండదు కాబట్టి మన బస్టాపు కవిత లోపలే కనబడాలి.

అందుకని 24 అక్షరాల వార్తను పక్కనపెట్టి మళ్ళీ బస్టాపుకే వెళ్ళాలి. మాట కలిసిన క్షణంలో ఒంట్లో ఏం కదిలింది? కూర్చున్న మనిషి లేదన్నాక ఏం చేశారు? నవ్వారో లేదో చెప్పలేం. కానీ పక్కన పెట్టుకున్నదాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. బెంచీ మీద చోటు ఏర్పడింది. కూర్చోండి అనలేదు, అనక్కర్లేదు. కవిత ఉన్నది ఈ కదలికలోనే.

“బస్సు వెళ్ళిందా?” అంది
లేదన్నాడు
బెంచీ మీది సంచి
ఒడిలోకి చేరింది

24 అక్షరాలు. మలుపు మూడో పాదంలో వచ్చింది, మాటల్లోంచి వస్తువులోకి. ఇప్పుడిది నానీయే. కానీ రెండు తప్పులు మిగిలాయి. ‘అంది’, ‘అన్నాడు’ అనగానే ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ వచ్చి కూర్చున్నారు. పాఠకుడి మనసు వెంటనే ప్రేమకథ వైపు పోతుంది, సినిమాలు చూసిన కళ్ళు కదా. ఇద్దరు పెద్దవయసువాళ్ళ మధ్యో, ఒక నర్సుకీ ఒక కాలేజీ పిల్లకీ మధ్యో ఈ పలకరింపు జరగడానికి వీల్లేకుండా పోయింది. రెండో తప్పు ఇంకా సూక్ష్మం. “బస్సు వెళ్ళిందా?” అని ముక్కుసూటిగా అడిగేది ఇంట్లోవాళ్ళో స్నేహితులో. ముక్కూ మొహం మాత్రమే తెలిసిన మనిషిని తెలుగువాళ్ళు అలా అడగరు.

రెండింటికీ మందు ఒకటే అక్షరంలో ఉంది. ‘వెళ్ళిందా’ని ‘వెళ్ళిందాండీ’ చేయాలి. చివర ‘డీ’ చేరితే ఒక్క అక్షరం పెరుగుతుంది, లెక్క 25 అవుతుంది. కానీ ‘అండీ’ వచ్చాక వాళ్ళు ఒకరికొకరు బయటివాళ్ళని దానంతటదే తెలిసిపోయింది. రెండు పక్కలా ‘అండీ’ ఉంటే ఎవరు అడిగారో ఎవరు బదులిచ్చారో చెప్పే పని లేదు, అంది, అన్నాడు రెండూ ఎగిరిపోతాయి. ఆడా మగా అన్న లెక్క కూడా వాటితోనే పోతుంది. మొదటి చిత్తుప్రతిలో ‘ఒకరికొకరం తెలియదు’ అని పది అక్షరాలు పెట్టి చెప్పిన సంగతి ఇక్కడ ఒక మర్యాద ప్రత్యయంలో ఇమిడిపోయింది. ఇది తెలుగుకున్న సౌకర్యం, వాడుకోకపోతే నష్టం రాసేవాళ్ళకే.

“బస్సు వెళ్ళిందాండీ?”
“లేదండీ”
బెంచీ మీది సంచి
ఒడిలోకి చేరింది

మొదటి పాదం ఆరు, రెండోది మూడు, తర్వాత ఆరు, ఏడు. మొత్తం 22. ఇంకా మూడు అక్షరాల చోటుంది.

మరి ఇది పొద్దుటి పలకరింపు అని ఎలా తెలుస్తుంది? సంచి ఏ వేళదైనా కావచ్చు. సాయంత్రం కూరగాయల సంచి కూడా బెంచీ మీదే ఉంటుంది. సంచి తీసి క్యారేజీ పెడితే ఒక అక్షరం ఖర్చవుతుంది, 23. క్యారేజీ పనికి వెళ్ళేవాళ్ళ వస్తువు. కానీ సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే క్యారేజీ ఉంటుంది, ఖాళీగా, గిన్నెలు గలగలమంటూ. మిగిలిన రెండు అక్షరాలు ఇక్కడ కావాలి: ‘వేడి’.

“బస్సు వెళ్ళిందాండీ?”
“లేదండీ”
బెంచీ మీది వేడి క్యారేజీ
ఒడిలోకి చేరింది

ఆరు, మూడు, తొమ్మిది, ఏడు. సరిగ్గా 25.

‘వేడి’ మీద ఒక ఆక్షేపణ రావచ్చు. మనసులోని ఆప్యాయతకి గుర్తుగా కావాలని పెట్టారంటారేమో. ఆ మాట అందుకు పెట్టింది కాదు. ఇప్పుడే పొయ్యి మీంచి దించి సర్దిన అన్నం కాబట్టి క్యారేజీ వేడిగా ఉంది, పొద్దున్న ఎనిమిదికి అలాగే ఉంటుంది. ముందు అది నిజమైన వేడి కావాలి. ఆ పైన పాఠకుడు ఇంకేదైనా అనుకుంటే అది అతని ఇష్టం. ఆ మాట గడియారం పని చేస్తున్నంతసేపు దాన్ని ఉంచవచ్చు. ‘వెచ్చని పలకరింపు’ అని రాసి ఉంటే తీసేయాల్సిందే.

కవిత నిలబడిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. వస్తువు ఏమిటో చెప్పకుండా ఎవరికైనా ఒకసారి చదివి వినిపించి మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ? ఎప్పుడు? వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు? బస్టాపు, పొద్దున్న, ముఖపరిచయం అన్న జవాబులు తడుముకోకుండా వస్తే ఏదీ జారిపోలేదన్నట్టు. ‘ఇంతకీ ఏమైంది?’ అని ఎదురు ప్రశ్న వస్తే నాలుగో పాదం అందలేదన్నట్టు. అలాంటప్పుడు చివర ఒక వివరణ తగిలించకుండా మూడో పాదాన్నే సరిచూసుకోవాలి. క్యారేజీ బెంచీ మీద ఉందన్న బొమ్మ మొదట కంటికి ఆనితేనే అది అక్కడి నుంచి లేచిన సంగతి తెలుస్తుంది.

నానీ చేయలేనివి కొన్ని ఉన్నాయి. మిల్‌గ్రామ్ గమనించిన ఆ అయిదు నెలల బరువు ఇందులో ఇమడలేదు. ఇది వాళ్ళ మొదటి మాట అని కవిత ఎక్కడా చెప్పదు. రేపు ఇద్దరూ మళ్ళీ ఎదురైనప్పుడు ఏం మాట్లాడుకుంటారన్నది కూడా దీని చేతిలో లేదు. ఆ రెండూ కావాలనుకున్నవాళ్ళు కథ రాయాలి.

ఇంకొక సంగతి. ‘అండీ’ అనేది కోస్తా బస్టాపుల మాట. అదే పలకరింపు హైదరాబాద్ అమీర్‌పేటలో పటాన్‌చెరు వైపు వెళ్ళే 218 కోసం నిలబడ్డచోట జరిగితే మాట మారుతుంది. అక్కడ క్యారేజీ డబ్బా అవుతుంది, బస్సు వెళ్ళదు, పోతుంది. ‘అండీ’ ఉన్నచోట చుట్టరికం వచ్చి కూర్చుంటుంది.

“బస్సు పోయిందా అన్నా?”
“లేదక్కా”
బెంచీ మీది వేడి డబ్బా
ఒడిలోకి చేరింది

ఏడు, మూడు, ఎనిమిది, ఏడు. ఇదీ 25 అక్షరాలే. కానీ కవిత అదే కాదు. ‘అన్నా’, ‘అక్కా’ అనడంతో ఇక్కడ ఎవరు ఆడో ఎవరు మగో తెలిసిపోయింది. అయినా ప్రేమకథ భయం లేదు, ఆ రెండు పిలుపులే దానికి తలుపేశాయి. మొదటిదాంట్లో ఇద్దరూ మర్యాదగా దూరంగా ఉన్నారు, క్యారేజీ పక్కకి జరిగాక గానీ దగ్గరతనం రాలేదు. ఇక్కడ మొదటి పాదం అయ్యేసరికే వరస కలిసిపోయింది. డబ్బా తీసి అక్కకి చోటివ్వడమొక్కటే మిగిలింది.